వీసా అక్కర్లేని దేశానికి వెళ్తున్నా వన్ వే టికెట్‌తో ఎందుకు ఎక్కనివ్వరు?

“అన్నా, మలేషియాకి మనకి వీసా అక్కర్లేదు కదా. వైజాగ్ నుంచి చెన్నై, చెన్నై నుంచి కౌలాలంపూర్ వన్ వే తీసుకున్నాను. అక్కడ్నుంచి బస్సులో సింగపూర్ వెళ్లి, సింగపూర్ నుంచి వైజాగ్ ఫ్లైట్ ఎక్కుతాను. రిటర్న్ టికెట్ ఏదీ అని కౌంటర్‌లో ఆపేస్తారా?”

ఆపే అవకాశం బాగా ఉంది. సింగపూర్ నుంచి వైజాగ్ టికెట్ ముందే కొని చేతిలో పెట్టుకున్నా ఆపొచ్చు. చాలామంది తడబడేది ఈ రెండో మాట దగ్గరే, అందుకే ఈ ఒక్క ప్రయాణాన్నే మొదటి నుంచి చివరి దాకా చూద్దాం.

మలేషియా భారతీయులకి 30 రోజుల వరకు వీసా లేకుండా రానిస్తోంది. 2023 డిసెంబర్ 1న మొదలైన ఈ వెసులుబాటు 2026 డిసెంబర్ 31 వరకు ఉంది. వీసా అక్కర్లేదంటే షరతులు లేవని కాదు. తిరుగు టికెట్, ఉండే చోటు బుకింగ్, ఖర్చుకి డబ్బు చూపించగలగాలి. వీసా తీసుకునే దేశాలకైతే ఈ కాగితాలన్నీ దరఖాస్తుతోపాటే ఇచ్చేస్తాం, ఎంబసీ ఇంటి దగ్గరున్నప్పుడే చూసేస్తుంది. వీసా లేని చోట ఆ పరీక్ష ఎయిర్‌లైన్ కౌంటర్‌కి మారుతుంది. అంటే వీసా అక్కర్లేని దేశానికి వెళ్లేటప్పుడే కౌంటర్‌లో ప్రశ్నలు ఎక్కువన్నమాట.

మలేషియా రూల్‌తో చెన్నై కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయికి ఏం పని అంటారా? అక్కడి ఇమ్మిగ్రేషన్ మిమ్మల్ని లోపలికి రానివ్వకపోతే, వెనక్కి తీసుకురావాల్సింది తెచ్చిన ఎయిర్‌లైనే. అంతర్జాతీయ విమానయానానికి మూలమైన షికాగో ఒప్పందంలో తొమ్మిదో అనుబంధం ఈ మాటే చెబుతుంది. చాలా దేశాలు దానిమీద జరిమానా కూడా వేస్తాయి. కాబట్టి ఆ అమ్మాయి మీ మాట నమ్మినా, సిస్టమ్‌లో ఉన్నదాన్ని దాటి బోర్డింగ్ పాస్ ఇవ్వలేదు.

ఆ సిస్టమ్ పేరు టిమాటిక్. ప్రపంచ ఎయిర్‌లైన్ల సంఘం ఐఏటీఏ నడిపే డేటాబేస్. మీది ఏ దేశం పాస్‌పోర్ట్, ఎక్కడికి వెళ్తున్నారు, ఎన్నాళ్లుంటారు, ఎందుకు వెళ్తున్నారు అని కొడితే ఏమేం కావాలో తెర మీద వస్తుంది. తిరుగు టికెట్ గురించి అందులో రెండు రకాల వాక్యాలు కనిపిస్తాయి. ఒకటి, టికెట్ తప్పనిసరి అని. అది కనిపిస్తే వాదన దండగ. రెండోది కాస్త మెత్తగా ఉంటుంది. టికెట్ లేనివాళ్లకి ప్రవేశం నిరాకరించవచ్చు అని. ఈ రెండో వాక్యం దగ్గర నిర్ణయం ఎయిర్‌లైన్‌ది. ఒకరు పంపేస్తారు, ఇంకొకరు ఆపేస్తారు. “మా ఫ్రెండ్ వన్ వేలోనే వెళ్లిపోయాడు” అన్న మాట అబద్ధం కాకపోవచ్చు, కానీ మీకు హామీ కూడా కాదు.

ఇప్పుడు మన కేసు. జనవరి 5న కౌలాలంపూర్‌లో దిగుతారు. 20న సింగపూర్ నుంచి వైజాగ్ టికెట్ ఉంది, నేరుగా నడిచే స్కూట్ విమానమే అనుకుందాం. కౌంటర్‌లో చూపించారు. వాళ్లేమంటారు? “ఇది సింగపూర్ నుంచి బయల్దేరే టికెట్. మలేషియా నుంచి ఎలా బయటపడతారు?” న్యాయమైన ప్రశ్నే. ఇంటికొచ్చే టికెట్ ఉండటం వేరు, ఆ దేశం దాటే టికెట్ ఉండటం వేరు. మధ్యలో ఖాళీ ఉంది, దాన్ని పూడ్చాలి.

దానికి బస్సు టికెట్ పనికొస్తుంది. కౌలాలంపూర్‌లో టీబీఎస్ అనే పెద్ద బస్ టెర్మినల్ ఉంది, సింగపూర్ బస్సులు అక్కడ దొరుకుతాయి, ఆన్‌లైన్‌లో ముందే కొనొచ్చు. ఒక్క జాగ్రత్త. చవకగా వస్తోందని జొహోర్ బారు దాకా టికెట్ కొంటుంటారు, అక్కడ దిగి వంతెన దాటేస్తే సింగపూరే కదా అని. ప్రయాణానికి సుబ్బరంగా సరిపోతుంది, కౌంటర్‌లో మాత్రం చెల్లదు. జొహోర్ బారు మలేషియాలోదే. టికెట్ మీద దిగే చోటు సింగపూర్ అని ఉండాలి.

బస్సు టికెట్ కూడా ఉంది. అయిపోయిందా? ఇంకా లేదు. సింగపూర్‌కి మనకి వీసా కావాలి. వీసా చేతిలో లేనివాడికి సింగపూర్ టికెట్ ఉండి లాభం లేదు, సరిహద్దు దగ్గర వెనక్కి పంపేస్తే మళ్లీ మలేషియాలోనే ఉంటాడు. తర్వాతి దేశంలోకి మీకు ప్రవేశం ఉంటేనే ఆ టికెట్‌కి విలువ, టిమాటిక్‌లో కూడా తర్వాతి మజిలీకి కావలసిన పత్రాలు ఉండాలనే ఉంటుంది. కౌలాలంపూర్ వెళ్లాక చూసుకుందాంలే అనుకోకుండా, వైజాగ్‌లో ఉండగానే ఏజెంట్ ద్వారా సింగపూర్ ఈ-వీసా తీసి ప్రింట్ పెట్టుకోండి. అప్పుడు కౌలాలంపూర్ టు సింగపూర్ బస్సు, సింగపూర్ వీసా, సింగపూర్ టు వైజాగ్ ఫ్లైట్ మూడూ ఒక వరసలో కూర్చుంటాయి. వైజాగ్‌తో గొలుసు ఆగిపోతుంది. సొంత దేశానికి వచ్చేవాణ్ని తర్వాత ఎక్కడికి అని ఎవరూ అడగరు.

ఇన్ని చేసినా విమానం టికెట్‌కి ఉన్న బలం బస్సు టికెట్‌కి ఉండదు. బస్సు, రైలు, పడవ టికెట్లు ఒప్పుకోవడం ఎయిర్‌లైన్‌ని బట్టి ఉంటుంది. ముందే మీ ఎయిర్‌లైన్‌కి మెయిల్ పెట్టి, జవాబు ప్రింట్ తీసుకోండి. ఫోన్‌లో ఎవరో సరే అన్నారంటే కౌంటర్‌లో ఎవరూ లెక్కచేయరు.

తేదీల లెక్క కూడా చూసుకోవాలి. దిగిన రోజే ఒకటో రోజు. జనవరి 5న దిగితే 30వ రోజు ఫిబ్రవరి 3. ఒక నెల అంటే ఫిబ్రవరి 5 అనుకుని టికెట్ కొంటే రెండు రోజులు ఎక్కువైపోతుంది. ఇంకో చిక్కు అర్ధరాత్రి విమానాలతో. ఫిబ్రవరి 3 రాత్రి ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లి 12:40కి ఎక్కే విమానానికి టికెట్ మీద ఫిబ్రవరి 4 అని ఉంటుంది. మీరు 3నే ఇమ్మిగ్రేషన్ దాటేస్తానంటారు, కౌంటర్‌లో చూసేది టికెట్ మీది తేదీ. రెండు మూడు రోజులు ఇవతలే ఉంచుకోండి.

పేరు సంగతి. మనకి ఇంటిపేర్లు, పొడి అక్షరాలు ఎక్కువ. ఫ్లైట్ టికెట్‌లో పాస్‌పోర్ట్ ప్రకారం పూర్తి పేరు, బస్సు టికెట్‌లో ఉట్టి “రాజు” అని ఉంటే ఆ టికెట్ మీదేనని ఎలా తెలుస్తుంది? అన్నింట్లో పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే కొట్టండి.

ఇక డమ్మీ టికెట్లు. కొన్ని వందలకి పీఎన్‌ఆర్ ఇస్తామనే సైట్లున్నాయి. కొందరిచ్చేది డబ్బు కట్టకుండా సీటు పట్టి ఉంచిన బుకింగ్. అది ఒకట్రెండు రోజుల్లో దానంతటదే రద్దయిపోతుంది. మీరు సోమవారం తీసుకుని గురువారం ప్రయాణం చేస్తే, కౌంటర్‌లో వెతికేసరికి ఏమీ ఉండదు. పెద్ద ఎయిర్‌లైన్ల టికెట్ నిజంగా కొన్నదైతే పీఎన్‌ఆర్‌తో పాటు 13 అంకెల ఈ-టికెట్ నంబర్ ఉంటుంది, అది లేదంటే సీటు పట్టారు తప్ప డబ్బు కట్టలేదన్నమాట. చవక ఎయిర్‌లైన్లు చాలావరకు పీఎన్‌ఆర్‌తోనే నడిపిస్తాయి, అక్కడ స్టేటస్ కన్ఫర్మ్ అని ఉందో లేదో వాళ్ల సైట్‌లో మీరే చూసుకోవాలి. ఇంకొందరిచ్చేది ఉట్టి ఎడిట్ చేసిన పీడీఎఫ్. అది ఇమ్మిగ్రేషన్‌లో చూపించడమంటే దొంగ పత్రం ఇవ్వడమే, టికెట్ లేకపోవడం కన్నా పెద్ద తంటా. తిరుగు తేదీ తేలకపోతే డబ్బు వాపసిచ్చే అసలు టికెట్ కొనడం మేలు. వాపసు బ్యాంకుకి వస్తుందా, ఎయిర్‌లైన్ దగ్గర క్రెడిట్‌గా మిగిలిపోతుందా అన్నది కొనేముందే చదవండి.

వైజాగ్ వాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. చెన్నై దాకా ఒక టికెట్, అక్కడ్నుంచి వేరే టికెట్ తీసుకుంటే, వైజాగ్‌లో ఎవరూ మీ మలేషియా పత్రాలు అడగరు. ఆపేది చెన్నైలో. తిరుగు టికెట్ లేదని అక్కడ ఆగిపోతే చెన్నైలో గది, మళ్లీ వైజాగ్ టికెట్, అన్నీ మీ ఖర్చే. రెండూ ఒకే పీఎన్‌ఆర్‌లో ఉంటే సాధారణంగా వైజాగ్ కౌంటర్‌లోనే తేలిపోతుంది, ఆగినా ఇంటి దగ్గరే ఆగుతారు.

కౌంటర్ దాటితే మన ఇమ్మిగ్రేషన్ ఉంది. మీ పాస్‌పోర్ట్ ఈసీఆర్ అయితే, అంటే పదో తరగతి సర్టిఫికెట్ ఇవ్వకుండా తీసుకున్నవాళ్లకి ఎక్కువగా ఉండేది, ఉద్యోగానికి వెళ్లాలంటే ముందు ప్రభుత్వ అనుమతి కావాలి అనే దేశాల జాబితా ఒకటుంది, మలేషియా అందులోదే. ఉద్యోగానికి కాదు, తిరగడానికే అని చెబితే తిరుగు టికెట్ చూపించమంటారు. 2024 మేలో కంబోడియా సైబర్ మోసాల ముఠాకి కుర్రాళ్లని పంపుతున్న ఏజెంట్లని విశాఖ పోలీసులు పట్టుకున్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి టూరిస్టుల్లా పంపిన కేసు అది. ఒంటరిగా, వన్ వేలో వెళ్లే కుర్రాణ్ని నాలుగు ప్రశ్నలు ఎక్కువ అడిగితే ఆ అధికారిని తప్పుపట్టలేం.

పొరపాటున కౌంటర్‌లో ఇరుక్కుపోతే? అంతర్జాతీయ కౌంటర్ చాలా ఎయిర్‌లైన్లలో బయల్దేరే గంట ముందు మూసేస్తారు. మూడు గంటల ముందు వెళ్తే రెండు గంటలు చేతిలో ఉన్నట్టు. పక్కకి జరిగి, ఎయిర్‌లైన్ సొంత సైట్‌లోనే కౌలాలంపూర్ నుంచి ఇండియాకి ఏ ఊరికైనా, గడువులోపు తేదీకి టికెట్ కొనండి. మధ్యవర్తి సైట్లలో డబ్బు కట్ అయ్యాక కన్ఫర్మ్ కావడానికి ఒక్కోసారి గంట పడుతుంది, అంత టైమ్ మీకు లేదు. కార్డ్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి ఉన్నాయో లేదో ఇంట్లోనే చూసుకుని రండి. మలేషియా డిజిటల్ అరైవల్ కార్డ్, అదే MDAC, దిగడానికి మూడు రోజుల లోపు నింపాలి, డబ్బేమీ కట్టక్కర్లేదు. అది లేక ఆగినవాళ్లు కూడా ఇదే లైన్‌లో కనిపిస్తారు.

అయినా ఎక్కనివ్వలేదనుకోండి. సీట్లు ఎక్కువ అమ్మేసి దింపేసినప్పుడు మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇప్పించే పరిహారం దీనికి రాదు, పత్రాలు సరిగ్గా పెట్టుకోవడం ప్రయాణికుడి బాధ్యత. మన దేశ ఎయిర్‌లైన్ అయితే వాడని టికెట్ మీది ప్రభుత్వ పన్నులు, ఎయిర్‌పోర్ట్ యూజర్ ఫీజు వెనక్కి ఇవ్వాలి, ఆఫర్ టికెట్ అయినా సరే. వాళ్లంతట వాళ్లు వేస్తారని చూడకండి, ఆ రోజే పీఎన్‌ఆర్ పెట్టి మెయిల్ చేయండి. ఎందుకు ఆపారో కౌంటర్ నుంచి కాగితం మీద రాయించుకోండి, ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంటే వాళ్లు మొదట అడిగేది అదే.