ప్యానెల్లో రెండు లక్షలు, చేతిలో నలభై వేలు: విజయవాడ ఫోన్-ఇన్

ప్రయోక్త: గుణదల నుంచి ఒకావిడ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా, సార్ వింటున్నారు.

గుణదల శ్రోత: నమస్తే సార్. నేను ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లో పిల్లల టీషర్టులు, లెగ్గింగులు అమ్ముతానండి. సరుకు తిరుప్పూరు నుంచి తెప్పిస్తాను. ఆ పార్టీ మొత్తం డబ్బు ముందే వెయ్యమంటాడు. ఆదివారం లోపల 2,10,000 వెయ్యాలి. మార్కెట్‌ప్లేస్ వాళ్ళ సెల్లర్ ప్యానెల్లోనేమో నాకు రావాల్సింది 2,05,000 అని చూపిస్తోంది గానీ, తొమ్మిది రోజులుగా రూపాయి పడలేదు. బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తామంటున్నారు. తీసుకోమంటారా?

సలహాదారు: ఇప్పుడే వద్దమ్మా. రోజుకి ఎన్ని పీసులు పోతాయి మీకు?

శ్రోత: యాభై దాకా పోతాయండి. పీసు 140కి కొంటాను. కమీషన్, షిప్పింగ్ పోను చేతికి 190 వస్తుంది.

సలహాదారు: అంటే రోజుకి 9,500 మీ వైపు నడుస్తోంది. పార్సిల్ కస్టమర్‌కి చేరడానికి ఎన్నాళ్ళు? చేరాక మీకు డబ్బు ఎన్నాళ్ళకి?

శ్రోత: చేరడానికి ఐదు రోజులు. చేరాక ఎనిమిది రోజులకి వెయ్యాలి.

సలహాదారు: అయితే ఆ 2,05,000ని విడదీద్దాం. ఇంకా దారిలో ఉన్న పార్సిళ్ళవి 47,500. చేరినా ఎనిమిది రోజులు నిండనివి 76,000. ఈ రెండూ ఆలస్యం కాదు, వాటి గడువే ఇంకా రాలేదు. మిగిలిన 81,500 మాత్రమే నిజంగా ఆగిన డబ్బు. రోజుకి 9,500 లెక్కన సుమారు తొమ్మిది రోజులది. మీరు చెప్పిన తొమ్మిది రోజులకి సరిపోయింది. పేమెంట్ రిపోర్టు డౌన్‌లోడ్ చేసి, డెలివరీ తేదీ పక్కన సెటిల్‌మెంట్ తేదీ ఖాళీగా ఉన్న ఆర్డర్లు చూస్తే ఇదే కనపడుతుంది. అంతా ఒక్క తేదీ దగ్గరే ఆగిందంటే అకౌంట్‌కే ఏదో తగిలినట్టు. అక్కడక్కడా ఆగితే అవి రిటర్నుల తగాదాలు. మీరేమైనా మార్చారా ఈమధ్య?

శ్రోత: బ్యాంకు అకౌంట్ మార్చానండి. పాతది మా ఆయనతో జాయింటు. కొత్తగా షాపు పేరు మీద కరెంట్ అకౌంట్ తీశాను.

సలహాదారు: అదేనమ్మా అయ్యుండేది. జీఎస్టీలో మీ పేరు, బ్యాంకులో షాపు పేరు ఉంటే వెరిఫికేషన్ దగ్గర డబ్బు ఆగిపోతుంది. ఈ రోజే జీఎస్టీ సర్టిఫికెట్ తీసి చూడండి. అందులో మీ పేరూ ఉంటుంది, షాపు పేరూ ఉంటుంది. దాంతోపాటు క్యాన్సిల్ చేసిన చెక్కు అప్‌లోడ్ చేసి మార్కెట్‌ప్లేస్ వాళ్ళకి ఫిర్యాదు టికెట్ పెట్టండి. టికెట్లో ‘నా డబ్బు రాలేదు’ అని రాస్తే ఒకే జవాబు తిరిగి తిరిగి వస్తుంది. ఫలానా తేదీ సెటిల్‌మెంట్, ఇంత మొత్తం, బ్యాంకుకి చేరలేదు అని రాయండి.

శ్రోత: సరేనండి. మరి ఆదివారం సంగతి?

సలహాదారు: దానికి ముందు ఒక లెక్క చూడాలి. మీ సొంత పెట్టుబడి ఎంత?

శ్రోత: రెండున్నర లక్షలు. చాలక మా ఆయన జీతంలోంచి ఇరవై, ముప్పై వేలు తీసుకుంటూ ఉంటాను, మళ్ళీ సర్దుతూ ఉంటాను.

సలహాదారు: ఆ ముప్పై వేలు ఎక్కడి నుంచి వస్తోందో చెప్తాను వినండి. డబ్బు వేశాక తిరుప్పూరులో సరుకు కట్టడానికి ఎన్నాళ్ళు?

శ్రోత: ఎనిమిది రోజులు. లారీకి ఇంకో నాలుగు.

సలహాదారు: పన్నెండు రోజులు. 2,10,000 అంటే 1,500 పీసులు ఒకేసారి దింపుతున్నారు, అమ్మడానికి నెల పడుతుంది. మొదటి పీసు ఆ రోజే పోతుంది, చివరిది ముప్పయ్యో రోజున. సగటున పదిహేను రోజులు మీ ఇంట్లోనే ఉంటోంది. తర్వాత ఐదు, ఎనిమిది. మొత్తం నలభై రోజులు. రోజుకి యాభై పీసులు, పీసు 140, అంటే రోజుకి ఏడు వేల సరుకు. నలభై రోజులకి 2,80,000 రొటేషన్లో ఉండాలి. మీ దగ్గరున్నది 2,50,000. ఆ ముప్పై వేలే ప్రతిసారీ జీతంలోంచి వస్తోంది. ఇందులో ఎవరూ ఆలస్యం చెయ్యలేదు. పైన పది రోజులు ఆలస్యమైతే ఇంకో డెబ్భై వేలు.

శ్రోత: అయ్యో. లాభం బాగానే ఉంది, డబ్బెక్కడికి పోతోందా అనుకుంటున్నానండి ఇన్నాళ్ళూ.

సలహాదారు: ఎక్కడికీ పోలేదమ్మా, మీ బీరువాలో, లారీలో ఉంది. అమ్మకం రెట్టింపైతే ఆ 2,80,000 కూడా రెట్టింపవుతుంది. పండగ సేల్ వచ్చినప్పుడు చాలామంది మునిగేది అక్కడే. ఇప్పుడు తిరుప్పూరు పార్టీకి ఫోన్ చెయ్యండి. ‘ఆర్డరు 1,500కే, డిస్పాచ్ రెండుసార్లు, ఒక్కోసారి 750’ అనండి. ముప్పై శాతం ఆర్డరుతో, మిగతాది లారీకి బుక్ చేసి లారీ రసీదు, అదే ఎల్.ఆర్., ఫొటో పంపిన గంటలో.

శ్రోత: ఒప్పుకోకపోతే సార్?

సలహాదారు: పీసుకి రెండు రూపాయలు ఎక్కువిస్తాననండి. 1,500 పీసులకి మూడు వేలు. మీరు 2,10,000 మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకి 6,300. ఎల్.ఆర్. పద్ధతి ఆయనకీ మంచిదే, డబ్బు అందేదాకా ఒరిజినల్ ఎల్.ఆర్. ఆయన దగ్గరే పెట్టుకోవచ్చు. 750 చొప్పున దింపితే ఇంట్లో సరుకు సగటున ఏడున్నర రోజులే ఉంటుంది. దానివల్ల 52,500 బయటపడుతుంది. డెబ్భై శాతం ఎనిమిది రోజులు ఆలస్యంగా కడితే ఇంకో 39,200. మీకు కావాల్సింది 1,88,300కి దిగుతుంది. అప్పుడు పది రోజులు పేమెంట్ ఆగినా దాదాపు మీ సొంత డబ్బుతోనే గట్టెక్కుతారు. ఇప్పుడు చేతిలో ఎంతుంది?

శ్రోత: నలభై వేలు.

సలహాదారు: 750 పీసులకి 1,05,000. అందులో ముప్పై శాతం 31,500, ఆదివారం వేసేయండి. ఎనిమిది రోజుల తర్వాత 73,500 కట్టాలి. ఆ లోపు మీకు గడువుకొచ్చేది 76,000. కానీ బ్యాంకు వెరిఫికేషన్ తేలితేనే అది పడుతుంది. అందుకని టికెట్ ముందు, అడ్వాన్సు తర్వాత. శనివారానికి కూడా తేలకపోతే పార్టీని నాలుగు రోజులు ఆగమనండి, డబ్బు వెయ్యకండి.

శ్రోత: బ్యాంకులో లోన్ పెట్టమంటారా?

సలహాదారు: నెలనెలా వాయిదా కట్టే లోన్ వద్దు. డబ్బు ఆగిన నెలే వాయిదా కూడా మీద పడుతుంది. ఆ కరెంట్ అకౌంట్ మీదే ఓవర్‌డ్రాఫ్ట్ అడగండి, వాడిన రోజులకే వడ్డీ. 12 శాతం, అంటే రూపాయి వడ్డీ అనుకుంటే, 80,000 పదిహేను రోజులు వాడితే 400 లోపే. చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం, అది చేయించుకుని, జీఎస్టీ రిటర్నులు పట్టుకెళ్ళండి. లక్ష లిమిట్ చాలు. మార్కెట్‌ప్లేస్ వాళ్ళే ఇప్పించే అప్పు గురించి కూడా అడుగుతారు కొందరు. వాయిదా మీ పేఅవుట్‌లోంచే కోసుకుంటారమ్మా, సరుకు డబ్బు చేతికి రాకముందే తగ్గిపోతుంది. మీ పరిస్థితిలో నేనైతే ముట్టుకోను.

ఇంకో చిన్న సంగతి. మార్కెట్‌ప్లేస్ వాళ్ళు జీఎస్టీ టీసీఎస్ కింద, అంటే ముందే పట్టుకునే పన్ను కింద, లక్ష అమ్మకానికి 500 పట్టుకుంటారు. జీఎస్టీ పోర్టల్లో TDS and TCS credit received అనే చోట మీరు యాక్సెప్ట్ కొడితేనే అది మీ క్యాష్ లెడ్జర్‌లోకి వస్తుంది.

శ్రోత: నేనెప్పుడూ కొట్టలేదండి!

సలహాదారు: ఈ రాత్రి కొట్టండి.

ప్రయోక్త: గుంటూరు అరండల్‌పేట నుంచి ఇంకొకరు. చెప్పండి.

గుంటూరు శ్రోత: మేం కారప్పొడి అమ్ముతామండి. యార్డులో మిరపకాయకి రొక్కం కట్టాలి. చిన్న పరిశ్రమలకి 45 రోజుల్లో డబ్బివ్వాలని చట్టం ఉందిగా, దాని కింద మార్కెట్‌ప్లేస్ మీద కేసు పెట్టొచ్చా?

సలహాదారు: మీ సరుకు ఎవరు కొన్నారన్నదాని మీద ఉంటుందండి. కస్టమర్ కొంటే మార్కెట్‌ప్లేస్ మధ్యలో డబ్బు వసూలు చేసి ఇచ్చేవాడే, కొనుగోలుదారు కాదు. ఆ చట్టం అక్కడ అతకదు. వాళ్ళతో మీరు ఒప్పుకున్న షరతుల్లోని పేఅవుట్ గడువే మీకు ఆధారం. అదే ఒక కంపెనీ పర్చేజ్ ఆర్డరిచ్చి మీ దగ్గర టోకున కొంటే వర్తిస్తుంది. ఒప్పందం ఉంటే అందులో రాసిన గడువు, అదీ 45 రోజులు దాటకూడదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. మీ ఇన్‌వాయిస్ ఎవరి పేరు మీద ఉంది?

గుంటూరు శ్రోత: కస్టమర్ పేరు మీదేనండి.

సలహాదారు: అయితే రిపోర్టు తీసి, ఇందాక గుణదల ఆవిడకి లెక్క వేసినట్టే, గడువు దాటింది ఎంతో ముందు తేల్చండి.