టికెట్ క్యూలో ఖాతాదారుల వివరాలు: ఏది తెరవాలి, లాగ్‌లో ఏది రాయాలి

మిత్రులకు నమస్కారం.

సాయంత్రంలోగా నలభై టికెట్లు, అంటే నమోదైన ఫిర్యాదులు, పరిష్కరించాల్సిన ఉద్యోగి చేతిలో ఖాతాదారుల వివరాలు ఏమవుతాయన్నదే ఈరోజు నా విషయం. బయటి నుంచి చొరబడే దొంగల గురించి వేరే వాళ్లు చెబుతారు. నేను దగ్గరగా చూసిన నష్టాలు చాలావరకు మంచి ఉద్దేశంతో, తొందరలో పనిచేసిన వారి చేతుల మీదుగానే జరిగాయి.

ఒక టికెట్ తీసుకుందాం. ఒకావిడ ఆన్‌లైన్‌లో కొన్న కుక్కర్‌ను వెనక్కి పంపారు. 2,350 రూపాయలు ఇంకా తిరిగి రాలేదు. ఫిర్యాదుతో పాటు ఆధార్ కార్డు ఫోటో, పాస్‌బుక్ మొదటి పేజీ కూడా జతచేశారు. వాటిని మనం అడగలేదు. అవి ఉంటే డబ్బు త్వరగా వస్తుందేమోనని పంపారు.

ఈ పనికి కావలసినవి ఆర్డర్ నంబరు, రీఫండ్ పంపిన తేదీ, బ్యాంకులో వెతకడానికి యూటీఆర్ నంబరు, డబ్బు ఏ ఖాతాకు వెళ్లిందో పోల్చుకోవడానికి చివరి నాలుగు అంకెలు. అంతే. ఆధార్‌తో పనే లేదు. కాబట్టి ఆ రెండు ఫోటోలను ముందుగా తొలగించి, వాటి అవసరం లేదని ఆవిడకు తెలియజేయాలి. తొలగించే అనుమతి మీకు లేకపోతే, ఉన్నవారితో తీయించాకే ముందుకు కదలాలి. ఈ వరుస ఎందుకంత ముఖ్యమో చెబుతాను. చాలాచోట్ల టికెట్‌ను చెల్లింపుల బృందానికి బదిలీ చేయగానే, జతచేసినవాటితో సహా ఆ బృందంలో అందరికీ మెయిల్ వెళుతుంది. ఆ తరవాత టికెట్లో తొలగించినా, ఎనిమిది మంది మెయిల్ పెట్టెల్లో ఆ ఆధార్ ఫోటో ఉండిపోతుంది.

ఇక అనుమతుల సంగతి. ఉద్యోగం ఇచ్చిన రోజే అందరి వివరాలూ తెరిచే అధికారం ఇచ్చేయడం మామూలు అలవాటు. దానికి బదులు అనుమతిని టికెట్‌కు ముడిపెట్టాలి. టికెట్ మీ పేరున ఉన్నంతసేపే ఆ ఖాతాదారు వివరాలు తెరుచుకోవాలి, ముగిసిన వెంటనే మూసుకుపోవాలి. పూర్తి ఖాతా నంబరు కావాలంటే కారణం ఎంచుకున్నాకే కనిపించాలి. ఎవరైనా నేరుగా ఫోను చేస్తే ముందు టికెట్ తెరవండి, తరవాతే వివరాలు చూడండి.

ఈ కట్టుబాటును సొంత షీట్లు పాడుచేస్తాయి. నేను పనిచేసిన ఒకచోట సహోద్యోగి ఒకరు పెండింగ్ టికెట్లను ఫోను నంబర్లతో సహా ఒక షీట్‌లో రాసుకునేవారు. పనిలో చురుకైన మనిషి. ఆయన వేరే బృందానికి వెళ్లిపోయాక కూడా ఆ షీట్ లింకు ఉన్నవారందరికీ తెరుచుకుంటూనే ఉంది. షీట్ కావాలనుకుంటే అందులో టికెట్ నంబర్లు మాత్రమే ఉంచండి.

ఇప్పుడు లాగ్. ఎవరు ఏది చూశారో నమోదు చేయాల్సిన లాగే కొన్నిసార్లు వివరాలు బయటపడే చోటవుతుంది. 2018 మే నెలలో ట్విట్టర్ తన వినియోగదారులందరినీ పాస్‌వర్డులు మార్చుకోమని కోరింది. సంకేతంగా మారకముందే పాస్‌వర్డులు లోపలి లాగ్‌లో ఉన్నవి ఉన్నట్టుగా నమోదైపోయాయి. చూసిన సంగతి రాయాలి, చూసిన విలువ రాయకూడదు. మన కుక్కర్ టికెట్‌కు లాగ్ వరుస ఇలా ఉంటే చాలు:

```
time=2026-01-12T10:42:07+05:30 user=A217 ticket=48213
cust=C90577 field=bank_last4 action=view reason=refund
```

ఇక్కడ `cust` ఫోను నంబరు కాదు, సంస్థ లోపల ఇచ్చిన గుర్తింపు. ఫోను నంబరునే హ్యాష్ చేసి, అంటే నేరుగా వెనక్కి మార్చలేని సంకేతంగా మార్చి, రాస్తే సరిపోదా అని అడుగుతుంటారు. సరిపోదు. మన మొబైల్ నంబర్లు పది అంకెలవి, 6 నుంచి 9 లోపు అంకెతోనే మొదలవుతాయి. అంటే మొత్తం 400 కోట్ల అవకాశాలకు మించి లేవు. మామూలు హ్యాష్ అయితే కంప్యూటర్ అన్నింటినీ ప్రయత్నించి అసలు నంబరును తేలిగ్గా రాబడుతుంది.

"కారణం" అనే గడిలో కూడా జాగ్రత్త అవసరం. అక్కడ ఖాళీ పెట్టె ఇస్తే, ఉద్యోగి ఖాతాదారు పేరు, నంబరు అందులోనే రాసేస్తారు. అందుకే జాబితా నుంచి ఎంచుకునేలా ఉంచాలి.

లాగ్‌ను ఎవరో ఒకరు చదవాలి కూడా. ఆ మనిషి అదే క్యూలో పనిచేసేవారు కాకూడదు. చేతిలో టికెట్ లేకుండా తెరిచిన వివరాలు, ముగిసిన టికెట్‌ను రోజుల తరవాత మళ్లీ తెరవడం, ఫిర్యాదుకూ చూసిన గడికీ పొంతన లేకపోవడం: ముందు వీటినే వెతకాలి. ఒకసారి ఇలా చదువుతుంటే రీఫండ్ టికెట్లన్నింటిలో అందరూ ఇంటి చిరునామా చూసినట్టు కనిపించింది. ఒక్కొక్కరినీ పిలిచి అడగబోయి, ముందు స్క్రీన్ తెరిచి చూశాం. టికెట్ తెరవగానే చిరునామా దానంతట అదే కనిపించేలా ఉంది. ఉద్యోగుల తప్పు కాదది. చిరునామాను మూసి ఉంచి, నొక్కితేనే తెరుచుకునేలా మార్పించాం. ఆ తరవాతి లాగ్‌లో చిరునామా తెరిచిన వరుసలు కొన్నే మిగిలాయి. అవన్నీ వస్తువును ఇంటి నుంచి తీసుకెళ్లాల్సిన టికెట్లవే.