సాటే అంటే వేయించడమేనా?

నమస్కారం. "క్యారెట్, జుకినీ జూలియెన్‌గా కోసి బటర్‌లో సాటే చేయండి." ఫ్రెంచ్ రెసిపీలో ఉన్నది ఈ ఒక్క వాక్యమే. మొన్న మా చెల్లెలు ఇది చూసి వండి ఫోటో పంపింది. పాన్ అడుగున నీళ్లు, వాటిలో మెత్తబడిన ముక్కలు. "వేయించమన్నారు, వేయించానక్కా" అంది. తప్పు తనది కాదు. సాటేకి 'వేయించడం' అని అర్థం చెప్పి వదిలేస్తారే, అది చూస్తే నాకు చిరాకు.

[పాన్ దగ్గరగా]

ఫ్రెంచ్ వాళ్లు 'సోటే' అని పలుకుతారు. 'ఎగరడం' అన్న మాట నుంచి వచ్చింది. బాగా కాగిన పాన్‌లో, కొంచెం నూనెలో, ముక్కల్ని ఎగరేస్తూ నాలుగైదు నిమిషాల్లో ముగించాలి.

పోపు గుర్తు తెచ్చుకోండి. నూనె కాగకముందే ఆవాలు వేస్తే చిటపటలాడవు, నూనెలో నానుతూ ఉంటాయి. జుకినీ కూడా అంతే. దాన్నిండా నీరే. పాన్ వేడిగా ఉంటే ఆ నీరు ఊరినది ఊరినట్టే ఆవిరైపోతుంది. ముక్కలన్నీ ఒకేసారి కుమ్మరిస్తే పాన్ చల్లారి, నీరు అడుగున నిలుస్తుంది. అప్పుడు జరిగేది సాటే కాదు, ఉడకడం. చెవితోనే తెలుస్తుంది: చుయ్‌మనే చప్పుడు తగ్గిందంటే ముక్కలు ఎక్కువైనట్టే. 10 అంగుళాల పాన్‌లో ఒక్క పొరగా పట్టినన్నే వేసి, మిగతావి రెండో వాయికి ఉంచండి.

ఇంత త్వరగా వేగాలంటే ముక్కలన్నీ ఒకే మందం ఉండాలి. జూలియెన్, అంటే అగ్గిపుల్లల్లా సన్నగా కోయడం, అందుకే. క్యారెట్‌ని 5 సెంటీమీటర్ల తుంటలు చేసి, దొర్లకుండా ఒక పక్క చెక్కేయండి. 3 మిల్లీమీటర్ల పలకలు కోసి, వాటిని పేర్చి మళ్లీ అదే మందంతో పుల్లలుగా కోయండి. జుకినీలో మధ్య గింజల భాగం వాడొద్దు, నీరు ఎక్కువ అక్కడే.

మళ్లీ పోపు దగ్గరికే వద్దాం. ఆవాలు చిటపటలాడుతుంటే కరివేపాకు కోసం పెరట్లోకి పరిగెత్తలేం కదా. 'మీజాన్ ప్లాస్' అంటే అదే, అన్నీ అమర్చి పెట్టుకోవడం. పొయ్యి వెలిగించకముందే క్యారెట్ ఒక గిన్నెలో, తడి తుడిచిన జుకినీ ఇంకో గిన్నెలో, పక్కనే ఉప్పు, బటర్. గిన్నెలు రెండెందుకంటే, క్యారెట్ రెండు నిమిషాలు ముందు పడాలి. ఉప్పు చివర్లో వేయండి, ముందే వేస్తే నీరు లాగుతుంది. బటర్ కూడా చివరే, అందులోని పాల పదార్థం త్వరగా మాడుతుంది. ఆ బాధ లేని నెయ్యితో మొదలుపెట్టినా నాకు ఇష్టమే.

టైమ్ అయిపోతోంది, ఇంకో రెండు మాటలు. బ్రునువాజ్: ఇవే పుల్లల్ని అడ్డంగా తిప్పి చిన్న ఘనాలుగా కోయడం. డీగ్లేజ్: మాంసం వేయించాక అడుగంటిన గోధుమరంగు పొర మీద కాస్త వైన్‌గానీ, ఎముకలో కూరగాయలో మరిగించి వడకట్టిన స్టాక్‌గానీ పోసి, గీకి సాస్‌లో కలపడం. పొర నల్లబడితే మాత్రం పోయొద్దు, ఆ చేదంతా సాస్‌లోకి దిగుతుంది.