మెయిల్‌లో కోట్స్ ఎక్కడ పెట్టాలి, ఇటాలిక్స్ ఎక్కడ పెట్టాలి

[స్క్రీన్ మీద ఒక మెయిల్]

ముందు ఈ మెయిల్ ఒకసారి చదవండి, తర్వాత మాట్లాడుకుందాం.

సబ్జెక్ట్: "కొత్త" లీవ్ పాలసీ

అందరికీ నమస్కారం. ఉద్యోగుల సెలవుల విధానం డ్రాఫ్ట్ "పూర్తయింది". అందులో సెలవుల బదిలీ చదివి మీ "అభిప్రాయాలు" "శుక్రవారం" లోగా పంపండి. బదిలీ సెలవు గురించి వచ్చిన "ఫిర్యాదులు" కూడా పరిశీలించాం. సహకరించిన "టీమ్"కు థ్యాంక్స్.

దీన్ని రాసిన మనిషికి ఎవరి మీదా కోపం లేదు, ముఖ్యమైన మాటలు కంటికి కనిపించాలని కోట్స్ పెట్టారు, అంతే. కానీ చదివేవాళ్లకి ఎలా వినిపిస్తుందో చూడండి. డ్రాఫ్ట్ పూర్తయిందట, అంటే నిజంగా పూర్తవలేదేమో. ఫిర్యాదులట, అంటే వాటిని వీళ్లు ఫిర్యాదులుగా లెక్కపెట్టలేదన్నమాట. ఇక ఆ "టీమ్" దగ్గరికి వచ్చేసరికి, అందులో ఉన్నవాళ్లు మెయిల్ రెండోసారి చదువుతారు, మమ్మల్ని వెక్కిరిస్తున్నారా అని.

ఇలా అనుమానాన్నో ఎగతాళినో మోసుకొచ్చే కోట్స్‌ని స్కేర్ కోట్స్ అంటారు. కావాలని పెట్టేవాళ్లు కొందరున్నారు, కానీ ఆఫీసు మెయిల్స్‌లో ఎక్కువగా కనిపించేవి తెలియక పెట్టినవే. ఎందుకలా జరుగుతుందంటే, కొటేషన్ మార్కులు చెప్పే మాట ఎప్పుడూ ఒక్కటే: లోపల ఉన్నది రాసేవాళ్ల సొంత మాట కాదు. అది ఒక పేరు అయినా అయ్యుండాలి, ఇంకొకరు అన్న మాట అయినా అయ్యుండాలి, అప్పుడే పరిచయం చేస్తున్న పదం అయినా అయ్యుండాలి. ఈ మూడింటిలో ఏదీ కాదని తేలితే, మరి ఈ మాట నాది కాదని ఎందుకు చెబుతున్నారు, వీళ్లకే దీని మీద నమ్మకం లేదా అన్న అర్థం దానంతటదే వచ్చేస్తుంది.

తెలుగులో దీన్ని పట్టుకోవడం చాలా తేలిక. కోట్స్‌లో పెట్టిన మాట చివర "అట" చేర్చి పైకి చదవండి. పూర్తయిందట, అభిప్రాయాలట, శుక్రవారమట. మీరు చెప్పదలుచుకున్నది అది కాకపోతే కోట్స్ తీసేయండి. మాట నొక్కి చెప్పాలంటే బోల్డ్ ఉంది, లేదా ఆ గడువుని విడిగా ఒక లైన్లో రాయొచ్చు.

[స్క్రీన్ మీద రెండో ఉదాహరణ]

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఫిర్యాదుకి జవాబు రాసేటప్పుడు. కస్టమర్ ఇలా రాశారనుకుందాం: రెండు రోజులుగా లాగిన్ అవట్లేదు, ఈ సమస్య వల్ల పని మొత్తం ఆగిపోయింది, చాలా ఇబ్బందిగా ఉంది. దానికి జవాబు ఇలా వెళ్తుంది: మీరు చెప్పిన "సమస్య" మా దృష్టికి వచ్చింది, మీకు కలిగిన "ఇబ్బంది"కి చింతిస్తున్నాం.

రాసినవాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు, కస్టమర్ వాడిన మాటనే తిరిగి వాడుతున్నాం కదా, అది వాళ్ల మాటే అని చూపిద్దాం అనుకుని ఉంటారు. అసలు చిక్కు అక్కడే ఉంది. ఒకరి మాటల్లోంచి ఒక్క పదం మాత్రమే కోసి కోట్స్‌లో పెడితే, అది వాళ్ల మాటను గౌరవంగా తిరిగి చెప్పినట్టు ఉండదు, ఆ పదాన్ని దూరంగా పట్టుకుని చూపిస్తున్నట్టు ఉంటుంది. అదే పూర్తి వాక్యం తీసుకుని, ఎవరన్నారో చెప్పి రాస్తే ఆ విషపు చుక్క మాయమవుతుంది: "రెండు రోజులుగా లాగిన్ అవట్లేదు" అని మీరు రాశారు, దాని మీద మా టెక్నికల్ టీమ్ పనిచేస్తోంది. ఒకటి గుర్తుపెట్టుకోండి, ఇలా రాసినప్పుడు లోపలి మాటలు వాళ్లు రాసినవి రాసినట్టే ఉండాలి. మీరు కుదించి చెబుతుంటే కోట్స్ వద్దు, లాగిన్ అవట్లేదని రాశారు అంటే సరిపోతుంది.

మరి నిజంగానే అనుమానం ఉంటే? ఉదాహరణకి ఎవరో పంపిన లెక్క మీకు తప్పనిపిస్తే, మీరు పంపిన "తుది లెక్క" చూశాను అని గుచ్చడం కంటే, రెండో పేజీలో మొత్తం సరిపోవడం లేదు, ఒకసారి చూస్తారా అని నేరుగా అడగండి. మెయిల్‌లో గొంతు వినపడదు, నవ్వు కనపడదు, కోట్స్‌తో విసిరిన మాటకి అవతలివాళ్లు తమకి తోచిన అర్థం తీసుకుంటారు, అది తర్వాత ఎవరికైనా ఫార్వర్డ్ అయితే ఇంకో అర్థం కూడా వస్తుంది.

ఇప్పుడు కోట్స్ నిజంగా అవసరమైన చోటికి వద్దాం, అంటే డాక్యుమెంట్ పేర్లు. మొదటి మెయిల్‌లో విచిత్రం ఏంటంటే, అక్కర్లేని చోట ఆరుసార్లు కోట్స్ ఉన్నాయి, కావాల్సిన చోట ఒక్కసారి కూడా లేవు. "అందులో సెలవుల బదిలీ చదివి" అన్నప్పుడు అది ఒక సెక్షన్ పేరా, లేక సెలవుల బదిలీకి సంబంధించిన విషయమంతా ఎక్కడుంటే అక్కడ వెతుక్కుని చదవాలా? చదివేవాళ్లకి తెలియదు.

ఇంగ్లీషులో రాసే మెయిల్స్‌లో చాలామంది పాటించే పద్ధతి ఇది: విడిగా నిలబడే మొత్తం పుస్తకం, రిపోర్ట్, మాన్యువల్ అయితే పేరు ఇటాలిక్స్‌లో, దాని లోపలి అధ్యాయం, వ్యాసం, సెక్షన్ అయితే కోట్స్‌లో. చూడగానే ఏది మొత్తం, ఏది భాగం అని తెలుస్తుంది. మెయిల్ రాసేటప్పుడు పేరుని సెలెక్ట్ చేసి Ctrl+I నొక్కితే ఇటాలిక్ అవుతుంది, మ్యాక్‌లో అయితే Command+I. మళ్లీ నొక్కితే మామూలుగా మారుతుంది.

కానీ మెయిల్ అనేది ప్రింటు పేజీ కాదు, ఇటాలిక్స్ ఇక్కడ నిలబడతాయన్న గ్యారంటీ లేదు. సబ్జెక్ట్ లైన్‌లో అసలు ఫార్మాటింగే ఉండదు. ఫోన్‌లో వచ్చే నోటిఫికేషన్‌లో ఉండదు. Plain text mode లో పంపినా, అవతలివాళ్లు ప్లెయిన్ టెక్స్ట్‌లో చదివినా ఇటాలిక్స్ మొత్తం ఎగిరిపోయి పేరు మామూలు మాటల్లో కలిసిపోతుంది. కోట్స్ అలా కావు, అవి కూడా అక్షరాల్లాంటివే కాబట్టి ఎక్కడికి వెళ్లినా వెంటే ఉంటాయి. అందుకే సబ్జెక్ట్ లైన్‌లో పేరు రాయాల్సి వస్తే, మెయిల్ లోపల ఇటాలిక్స్ వాడినా సరే, అక్కడ మాత్రం కోట్స్ పెట్టండి.

తెలుగులో రాస్తుంటే నా మాట ఇంకా సూటిగా ఉంటుంది: ఇటాలిక్స్ జోలికి వెళ్లకండి. ఇంగ్లీషు ఫాంట్లలో ఇటాలిక్ అక్షరాలకు విడిగా ఒక రూపం గీసి ఉంటుంది. తెలుగు ఫాంట్లలో చాలావాటికి అది లేదు, మీరు ఇటాలిక్ నొక్కితే సాఫ్ట్‌వేర్ మామూలు అక్షరాన్నే పక్కకి వంచేస్తుంది. చిన్న సైజులో గుడులూ కొమ్ములూ వత్తులూ ఒకవైపుకి ఒరిగితే చదవడం కష్టమవుతుంది, కొన్ని స్క్రీన్ల మీద అయితే అది ఇటాలిక్ అన్న సంగతే సరిగ్గా తెలియదు. కోట్స్ పెట్టి, పక్కనే అదేమిటో ఒక మాటలో చెప్పేయండి. "సెలవుల బదిలీ" అనే సెక్షన్, "ఉద్యోగుల సెలవుల విధానం" అనే డాక్యుమెంట్. మొత్తమా భాగమా అన్న తేడా ఆ ఒక్క మాటతో తేలిపోతుంది, దాని కోసం రెండు రకాల గుర్తులు అక్కర్లేదు.

తెలుగులో ఇంకో చిన్న సంగతి, పేరుకి చేరే విభక్తి కోట్స్ బయట, ఖాళీ లేకుండా రావాలి. "సెలవుల బదిలీ"లో, "సెలవుల బదిలీ"ని, ఇలా. దాన్ని లోపలికి లాగితే పేరే మారిపోయినట్టు అవుతుంది.

కోట్స్‌లో పెట్టిన పేరు ఉన్నదున్నట్టు ఉండాలి అని ఎందుకంటున్నానంటే, చదివేవాళ్లు దాన్ని కాపీ చేసుకుని వెతుకుతారు. Gmail లోనూ Google Drive లోనూ సెర్చ్ బాక్స్‌లో ఒక పేరుని కోట్స్‌తో ఇస్తే సరిగ్గా ఆ మాటలే అదే వరసలో ఉన్నవాటి కోసం చూస్తుంది. డాక్యుమెంట్ మీద "ఉద్యోగుల సెలవుల విధానం" అని ఉంటే, మీరు మెయిల్‌లో "ఉద్యోగుల లీవ్ పాలసీ" అని రాస్తే వాళ్లకి అది దొరక్కపోవచ్చు, పాతది ఇంకేదో ఉందేమో అనుకుని మిమ్మల్నే అడుగుతారు. అసలు పేరు గుర్తులేకపోతే మన లీవ్ పాలసీ అని కోట్స్ లేకుండా రాయండి. అప్పుడు అది మామూలు వర్ణన అని వాళ్లకి అర్థమవుతుంది. పోయిన నెల రిపోర్ట్, నిన్నటి మీటింగ్ నోట్స్ లాంటివీ ఇంతే, అవి పేర్లు కావు.

ఫైల్ పేరు అయితే దాన్ని వాక్యం మధ్యలో ఇరికించకుండా విడిగా ఒక లైన్లో రాయడం మేలు. వాక్యం చివరి ఫుల్‌స్టాప్ ఫైల్ పేరుకి అంటుకుంటే కాపీ చేసేటప్పుడు అది కూడా వచ్చేస్తుంది.

ఇక కొత్త పదాలు. బదిలీ సెలవు అనేది ఈ డాక్యుమెంట్‌లో ప్రత్యేకమైన అర్థంతో వాడుతున్నారు కదా, అలాంటి పదాన్ని మొదటిసారి రాసినప్పుడు కోట్స్‌లో పెట్టి అర్థం చెప్పండి. రెండోసారి నుంచి కోట్స్ లేకుండా రాయండి. ప్రతిసారీ పెట్టుకుంటూ పోతే అదే పదం మూడో పేరాకి వచ్చేసరికి స్కేర్ కోట్స్ లాగా మారిపోతుంది, ఈ బదిలీ సెలవంటే వీళ్లకే ఇష్టం లేదేమో అన్నట్టు.

[స్క్రీన్ మీద సరిచేసిన మెయిల్]

ఇప్పుడు అదే మెయిల్ ఇలా అవుతుంది.

సబ్జెక్ట్: "ఉద్యోగుల సెలవుల విధానం" డ్రాఫ్ట్ మీద అభిప్రాయాలు, శుక్రవారంలోగా

అందరికీ నమస్కారం. "ఉద్యోగుల సెలవుల విధానం" డ్రాఫ్ట్ పూర్తయింది. అందులో "సెలవుల బదిలీ" అనే మూడో సెక్షన్ చదివి మీ అభిప్రాయాలు పంపండి. ఈ ఏడాది వాడకుండా మిగిలి వచ్చే ఏడాదికి వెళ్లే సెలవుని ఇందులో "బదిలీ సెలవు" అన్నాం. బదిలీ సెలవు గురించి వచ్చిన ఫిర్యాదులన్నీ పరిశీలించాం. డ్రాఫ్ట్ తయారీలో సహకరించిన టీమ్‌కు థ్యాంక్స్.

గడువు: శుక్రవారం సాయంత్రం 5 గంటలు.

చూడండి, కోట్స్ ఇంకా ఉన్నాయి, నాలుగు చోట్ల ఉన్నాయి, కానీ అన్నీ పేరుకో కొత్త పదానికో ఉన్నవే. ఫిర్యాదులు ఫిర్యాదులుగా, టీమ్ టీమ్‌గా కనిపిస్తున్నాయి. గడువు విడిగా నిలబడింది కాబట్టి దాన్ని నొక్కి చెప్పడానికి ఇంకే గుర్తూ అక్కర్లేకపోయింది. మెయిల్ రాయడం అయ్యాక, సెండ్ నొక్కేముందు, కోట్స్ ఉన్న మాటల్ని మాత్రమే ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్లండి, ఇది పేరా, ఇంకొకరు అన్నదా, కొత్త పదమా అని. ఏదీ కాని చోట చెరిపేసి పంపండి.