అమ్మకం నుంచి నికర లాభం దాకా: ఎక్సెల్‌లో వాటర్‌ఫాల్ చార్ట్

అందరికీ నమస్కారం. గుంటూరులో ఒక కారం మిల్లు ఉందనుకుందాం. ఏడాది అమ్మకాలు 80 లక్షలు, చేతికి మిగిలింది 9 లక్షలు. మిగతా 71 లక్షలు ఏ మెట్టు దగ్గర ఎంత తగ్గాయో యజమానికి ఒక్క చూపులో చూపించాలి. దానికి వాటర్‌ఫాల్ చార్ట్ వాడదాం, ఇందులో ప్రతి కడ్డీ ముందు కడ్డీ ఆగిన చోటు నుంచి పైకో కిందికో సాగుతుంది. అంకెలన్నీ ఊహించినవే, లెక్క మాత్రం మీరు రోజూ వేసేదే.

ముందు పట్టిక. A కాలమ్‌లో పేర్లు, B లో లక్షలు. B2 లో అమ్మకాలు 80. ఇందులో జీఎస్టీ కలపకండి, అది మన ఆదాయం కాదు. B3 లో ఎండుమిర్చి కొనుగోలు -52. B4 స్థూల లాభం. తర్వాత వరుసగా కూలీలు, రవాణా కలిపి -9, కరెంటు, అద్దె కలిపి -5, ఇతర ఆదాయం 2, బ్యాంకు వడ్డీ -4, పన్ను -3. B10 నికర లాభం. ఖర్చులకు మైనస్ తప్పనిసరి. మైనస్ లేకపోతే ఖర్చు కూడా ఆదాయంలా పైకి లేస్తుంది. ఖర్చులు ప్లస్‌లో ఉంటే ఖాళీ సెల్‌లో -1 వేసి కాపీ చేయండి, ఖర్చుల సెల్స్ ఎంచుకుని Paste Special లో Multiply నొక్కండి.

లాభాల సెల్స్‌లో మాత్రం అంకె టైప్ చేయొద్దు, ఫార్ములా పెట్టండి:

```
B4:  =B2+B3
B10: =SUM(B4:B9)
```

చాలామంది తప్పు చేసేది B10 దగ్గరే. అలవాటు కొద్దీ `=SUM(B2:B9)` అని రాస్తారు. అప్పుడు 80, -52 లతో పాటు వాటి ఫలితమైన 28 కూడా కూడికలోకి వస్తుంది. 9 రావలసిన చోట 37 వస్తుంది.

ఇప్పుడు A1 నుంచి B10 వరకు ఎంచుకుని Insert ట్యాబ్‌లో Waterfall నొక్కండి. వచ్చిన బొమ్మ ఇంకా తప్పే. స్థూల లాభం కూడా కొత్తగా వచ్చిన ఆదాయమే అనుకుని ఎక్సెల్ దాన్ని 28 మీద 28 గా పేర్చి 56 దాకా తీసుకెళ్తుంది. నికర లాభం కడ్డీ కూడా 37 నుంచి 46 దాకా గాలిలో వేలాడుతుంది. లాభం కడ్డీ అడుగు గీతను తాకకపోతే చార్ట్ తప్పిందని వెంటనే గుర్తుపట్టాలి.

సరిచేయడం తేలికే. కడ్డీ మీద ఒకసారి నొక్కితే అన్ని కడ్డీలూ ఎంపికవుతాయి. కాస్త ఆగి అదే కడ్డీ మీద మళ్లీ నొక్కితే అదొక్కటే మిగులుతుంది. అప్పుడు రైట్ క్లిక్ చేసి Set as Total ఇవ్వండి. స్థూల లాభానికి, నికర లాభానికి ఇలా చేయాలి. అమ్మకాల కడ్డీ ఎలాగూ సున్నా నుంచే మొదలవుతుంది, అయినా దానికీ ఇదే ఇస్తే మూడు మొత్తాలూ ఒకే రంగులో వస్తాయి.

ఈ చార్ట్ ఎక్సెల్ 2016 నుంచే ఉంది. అవతలివాళ్ల దగ్గర పాత వెర్షన్ ఉంటే చార్ట్‌ను కాపీ చేసి, Paste Special తో బొమ్మగా అతికించి పంపండి.