సిగ్గుని ఎక్కడ గీయాలి?

అందరికీ నమస్కారం. స్టేజ్ మీద ఉన్న పెద్దలందరి పేర్లూ చెప్పాలి గానీ నాకిచ్చింది పావుగంట, కాబట్టి అందరికీ కలిపి ఒకటే దండం. పిల్లల కథలు ఎలా రాయాలో చెప్పమన్నారు నన్ను. నాకు అంత సీన్ లేదు, ఒక్క మిణుగురు గురించి మాత్రం చెప్తా, ఎందుకంటే అది నన్ను నెలల తరబడి పడుకోనివ్వలేదు. నిద్రపుచ్చే కథే, రాసినోడికే నిద్ర లేదు.

మా పాపకి రాత్రుళ్ళు చెప్పిన కథే అది. ఒక మిణుగురు, దానికి సిగ్గు, మిగతావన్నీ మెరుస్తుంటే ఇది ఆకు కింద దాక్కుంటుంది. నోటితో చెప్పినప్పుడు బాగానే నడిచింది. నాలుగు నిమిషాల యానిమేషన్ చేద్దామని స్క్రిప్ట్‌కి కూర్చుని మొదటి లైన్ రాశా, "చిట్టి మిణుగురుకి చాలా సిగ్గు" అని. యానిమేటర్ కుర్రాడు చదివి తల గోక్కుని, "అన్నా, ఈ సిగ్గుని ఎక్కడ గీయాలి?" అన్నాడు.

నిజమే కదా. తెర మీద అది బియ్యపుగింజంత ఉంటుంది. బుగ్గలు ఎర్రబడవు, తలొంచుకున్నా కనపడదు. దానికున్నదల్లా పొట్ట చివర్న ఆ వెలుగే.

అప్పుడు పురుగు గురించి చదవడం మొదలుపెట్టా, అదేదో ముందే చేయాల్సింది. ఫోటినస్ పైరాలిస్ అని ఒక జాతి ఉంది, అందులో మగది ఎగురుతూ ఇంచుమించు ఆరు సెకన్లకోసారి మెరుస్తుంది, గడ్డి మీద కూర్చున్న ఆడది ఓ రెండు సెకన్లు ఆగి జవాబు మెరుస్తుంది. ఆ గ్యాప్‌ని బట్టే ఇది మన జాతిదా కాదా అని మగది గుర్తుపడుతుంది. నాకు కావాల్సింది దొరికేసింది! సిగ్గంటే వెలగకపోవడం కాదు, లేటుగా వెలగడం.

వెనకాల లైట్ల దగ్గరున్న తమ్ముడూ, ఒక్కసారి ఆపెయ్ నాన్నా. ఆపావా. నేను చప్పట్లు కొడతా, మీరు మనసులో ఐదు లెక్కపెట్టండి... చూశారా ఎంత సేపో? అక్కడ ఎవరో నవ్వేశారు కూడా. రెండు సెకన్లయితే మాట్లాడుకున్నట్టు ఉంటుంది, ఐదయితే ఎవరో తటపటాయిస్తున్నట్టు ఉంటుంది. లైట్లు అలాగే ఉండనీ తమ్ముడూ.

ఇప్పుడు స్క్రిప్ట్‌లో ఆ సీన్ ఇలా ఉంది: "బయట, గడ్డి, రాత్రి. దూరంగా ఒక మెరుపు. ఆకు కింద చీకటి. ఐదు సెకన్లు. ఆకు లోపల్నుంచి వెలుగుతుంది, ఈనెలు కనిపిస్తాయి, సగంలోనే ఆగి ఆరిపోతుంది. దూరంగా ఎవరూ లేరు." ఇందులో సిగ్గు అన్న మాటే లేదు, చూడండి.

సెకనుకి 24 ఫ్రేములు మాది. మొదటిసారి ఎలా చేశామంటే నాలుగు ఫ్రేముల్లో ఠక్కున వెలిగి ఠక్కున ఆరిపోయేలా, అది కూడా టకటకా వరసగా. మా పాప చూసి "నాన్నా, దీనికి కోపమొచ్చిందా?" అంది. అసలు సెకనుకి మూడు కంటే ఎక్కువ మెరుపులు పెట్టకూడదు, కొందరు పిల్లలకి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది, ఆ సంగతి తెలియకుండానే చేసేశాం. తర్వాత వెలగడానికి 12 ఫ్రేములు, సగం వెలుగులో ఆరు ఫ్రేములు ఆగడం, ఆరడానికి 24 ఇచ్చాం. అప్పుడొచ్చింది సిగ్గు.

ఇక డబ్బు పెట్టినాయన గురించి చెప్పకూడదనుకున్నా గానీ చెప్పేస్తా. ఆ ఐదు సెకన్లు చూసి "ఏమీ జరగట్లేదు, పిల్లలు బోర్ ఫీలవుతారు, గొంతు పెట్టు, మిణుగురు సిగ్గుపడుతోందని చెప్పించు" అన్నాడు. అరే బాబూ, జరుగుతున్నదే ఆ ఐదు సెకన్లలో! మూడు మీటింగులు వాదించా. ఆయన చివర్లో మిణుగురు ధైర్యం తెచ్చుకుని వెంటనే జవాబివ్వాలని కూడా అన్నాడు. అలా చేస్తే మెరుపులు పోనుపోను స్పీడవుతాయి, పిల్లలు లేచి కూర్చుంటారు. మా కథలో చిట్టిది ఐదు సెకన్లే తీసుకుంటుంది, అవతలిది వెళ్ళిపోకుండా ఆగడం నేర్చుకుంటుంది, అంతే.

అయినా తప్పు చేశాం. చివరి మెరుపు తర్వాత నల్ల తెర పెట్టాం కదా, పిల్లలు ఒక్కరూ కళ్ళు మూయలేదు, ఇంకోటి వస్తుందేమోనని ఎదురుచూస్తూ కూర్చున్నారు. మెరుపంటేనే తర్వాతది కోసం చూడటం కదా, మాకు తట్టలేదు. మిణుగురు లార్వాలు మెరవవు, మెల్లగా వెలుగుతూ ఉంటాయి, కుర్రాడికి అది గుర్తొచ్చింది. అందుకని ఇప్పుడు చివరి 40 సెకన్లు మెరుపుల్లేవు, ఆకు కింద రెండు వెలుగులు, కీచురాళ్ళ చప్పుడు, మెల్లగా తగ్గుతూ పోతాయి. తమ్ముడూ, లైట్లు వేయకు, ఆ ముక్క చూపించి దిగిపోతా.