బరువు గురించిన ఆలోచన ఎప్పుడు జబ్బవుతుంది? గుర్తులేమిటి, సాయం ఎక్కడ?

[తెర మీద శీర్షిక. వక్త కెమెరా వైపు చూస్తూ]

నమస్కారం. ఎవరైనా బరువు తగ్గుతుంటే మనం మొదట అడిగేది "ఎన్ని కిలోలు తగ్గావు?" అని. ఈ వీడియో చూసినంతసేపూ ఆ ప్రశ్న పక్కన పెట్టండి. బరువు మీది ధ్యాస జబ్బుగా, అంటే డాక్టర్లు ఈటింగ్ డిజార్డర్ అనేదిగా, మారిందో లేదో కిలోలు చూస్తే తెలియదు. ఆ మనిషి తనకు తాను పెట్టుకున్న నియమం ఒక్కరోజు తప్పిపోతే ఏమవుతుందో చూడండి, అక్కడ తెలుస్తుంది.

ఒక పదిహేడేళ్ల అబ్బాయిని ఊహించుకుందాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు. డాక్టర్ల దగ్గరికి తరచుగా వచ్చే తీరును ఒకచోట చేర్చి చెబుతున్నాను. అబ్బాయినే ఎందుకు తీసుకున్నానంటే, ఇది ఆడపిల్లల సమస్య అనుకోవడం వల్ల మగపిల్లల్లో చాలా ఆలస్యంగా బయటపడుతుంది.

[తెర మీద: మొదటి నెల]

ఎవరో లావుగా ఉన్నావని వెక్కిరించారు. స్వీట్లు మానేశాడు, పొద్దున్నే పరుగు మొదలుపెట్టాడు. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. ఇంతవరకూ ఇందులో భయపడాల్సిందేమీ లేదు.

[తెర మీద: మూడో నెల]

మానేసిన వాటి జాబితా పెరుగుతూ వచ్చింది. తినగలిగేవి నాలుగైదు మిగిలాయి. అందరితో కూర్చుని తినడం మానేసి "నేను ఇందాకే తినేశాను" అంటున్నాడు. ఎక్కడికైనా వెళ్దామంటే ముందు అడిగేది అక్కడ ఏం పెడతారని. అది తెలియకపోతే రానంటాడు. పొద్దున, రాత్రి బరువు చూసుకుంటాడు. ముల్లు కాస్త పైకి జరిగితే ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడడు.

ఒకరోజు పెద్ద వాన పడి పరుగుకు వెళ్లలేకపోయాడు. ఆరోగ్యం కోసం పరుగెత్తేవాడైతే "సరే, రేపు చూద్దాం" అనుకుంటాడు. ఇతను అర్ధరాత్రి దాకా గదిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. మర్నాడు పొద్దున ఏమీ తినలేదు, నిన్నటి తప్పుకి శిక్షగా. తల్లి బతిమాలితే పళ్లెం తోసేసి ఏడ్చాడు.

నన్నడిగితే గీత దాటింది ఇక్కడే. బరువు ఎంత తగ్గాడన్నది కాదు. నియమం తప్పితే తట్టుకోలేకపోతున్నాడు, తినడానికి అర్హత సంపాదించుకోవాలనుకుంటున్నాడు, స్నేహితులు, చదువు, నిద్ర అన్నీ ఆ నియమాల కిందకి వచ్చేశాయి. ఇవి కనిపిస్తే ఇంకా బరువు తగ్గేదాకా ఆగి చూడక్కర్లేదు.

[విరామం. తెర మీద: "తిననివాడు వంటల వీడియోలు ఎందుకు చూస్తాడు?"]

ఇంట్లోవాళ్లని అయోమయంలో పడేసే సంగతి ఇంకొకటుంది. తను తినడు గానీ గంటల తరబడి వంటల వీడియోలు చూస్తాడు. అందరికీ వండి పెట్టి, దగ్గరుండి తినిపిస్తాడు. చూసేవాళ్లకి తిండి మీద ఇష్టం బాగానే ఉందనిపిస్తుంది.

దీనికి సమాధానం 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక ప్రయోగంలో దొరుకుతుంది. యుద్ధంలో ఆకలితో చిక్కిపోయిన జనానికి తిరిగి ఎలా తిండి పెట్టాలో తెలుసుకోవడానికి ఏన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఆ ప్రయోగం చేశాడు. ముందుకొచ్చిన 36 మంది యువకులు ఆరోగ్యంగా ఉన్నవాళ్లు, మనసు దిటవుగా ఉందని పరీక్షించి ఎంచుకున్నవాళ్లు. 24 వారాల పాటు వాళ్లకి సగం కడుపుకే తిండి పెట్టారు.

వాళ్లలో ఎవరికీ సన్నబడాలన్న కోరిక లేదు. అయినా కొన్ని వారాలకే వాళ్ల మాటలన్నీ తిండి చుట్టూ తిరగడం మొదలైంది. కొందరు వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు. పెట్టిన కొంచెం తిండినీ సాగదీసి సాగదీసి తినేవారు. చలి ఎక్కువైంది, నాడి నెమ్మదించింది, చిరాకు, దిగులు పెరిగాయి, స్నేహాలు పట్టలేదు. తిరిగి తిండి పెట్టాక కూడా చాలామందికి ఎంత తిన్నా తనివి తీరని రోజులు గడిచాయి.

దీనర్థం ఏమిటంటే, ఈ ధ్యాసలో పెద్ద భాగం ఆకలే పుట్టిస్తుంది. మొదట బరువు భయం వల్ల తినడం తగ్గుతుంది. శరీరానికి తిండి చాలకపోతే మెదడు తిండి గురించి తప్ప ఇంకేమీ ఆలోచించనివ్వదు. ఆ ఆలోచనల్ని చూసి తనకు అదుపు లేదని మనిషి భయపడతాడు, నియమాలు ఇంకా బిగిస్తాడు. బావిలోంచి పైకి రావాలని ఇంకా లోతుకి తవ్వుకోవడం లాంటిదది. అందుకే "మనసు గట్టి చేసుకో" అన్న సలహా ఇక్కడ పనికిరాదు. మనసు గట్టిగా ఉండబట్టే ఆకలిని అన్నాళ్లు ఓర్చుకుంటున్నాడు. వైద్యంలో మొదటి అడుగు మళ్లీ వేళకు తినడం. ఆలోచనలు సర్దుకోవడం ఆ తర్వాతే మొదలవుతుంది.

[తెర మీద: "సన్నగా లేకపోయినా"]

ఒక జాగ్రత్త. మనిషి బక్కచిక్కి కనిపిస్తేనే జబ్బు అనుకోకండి. బులీమియా అనే ఈటింగ్ డిజార్డర్ ఉన్నవాళ్లు చాలామంది మామూలు బరువులోనే ఉంటారు. అదుపు తప్పి ఎక్కువ తినేయడం, ఆ భయంతో తిన్నది వదిలించుకోవాలని చూడడం, మళ్లీ పస్తు, ఈ చక్రం గుట్టుగా తిరుగుతుంటుంది. తిన్న వెంటనే ప్రతిసారీ బాత్‌రూమ్‌కి వెళ్లడం, బుగ్గలు దవడ దగ్గర ఉబ్బడం, పళ్లు అరిగిపోవడం లాంటివి పైకి కనిపించే గుర్తులు. అలాగే, ముందు లావుగా ఉన్న మనిషి చాలా వేగంగా తగ్గితే, ఇప్పుడు చూడ్డానికి మామూలుగా ఉన్నా లోపల గుండె మీద భారం పడి ఉండొచ్చు. అలాంటి వాళ్లని చూసి "బాగా తగ్గావే" అని మెచ్చుకుంటుంటాం. దయచేసి ఆ మాట మానండి.

[తెర మీద: ఐదు ప్రశ్నలు ఒక్కొక్కటిగా]

డాక్టర్లు వాడే ఒక చిన్న ప్రశ్నావళి ఉంది, పేరు స్కాఫ్. 1999లో బ్రిటన్ వైద్యులు ప్రచురించారు. కడుపు మరీ నిండిందనిపించి కావాలని వాంతి చేసుకుంటున్నారా? ఎంత తింటున్నారన్న దాని మీద అదుపు పోయిందని దిగులు పడుతున్నారా? ఈమధ్య మూడు నెలల్లో ఆరు కిలోలకు పైగా తగ్గారా? సన్నగా ఉన్నావని అందరూ అంటున్నా లావుగానే ఉన్నానని నమ్ముతున్నారా? మీ జీవితమంతా తిండే ఆక్రమించిందని అంటారా?

రెండు లేక అంతకన్నా ఎక్కువ ప్రశ్నలకి అవునని జవాబొస్తే డాక్టర్ దగ్గర సరైన పరీక్ష చేయించుకోవాలి. మన అబ్బాయి మొదటి రెండిటికీ కాదంటాడు. అదుపు పోయిందా అంటే తనంత అదుపు ఎవరికుందని గర్వంగానే చెబుతాడు. కానీ మూడోదానికీ ఐదోదానికీ అవునంటాడు. అది చాలు. ఈ ప్రశ్నలు జబ్బును నిర్ధారించవు, వెళ్లి చూపించుకోమని మాత్రమే చెబుతాయి. పైగా మితిమీరిన వ్యాయామం గురించి ఇందులో ఒక్క ప్రశ్నా లేదు, దాచిపెట్టేవాళ్లు అన్నిటికీ కాదనే చెప్పగలరు. కాబట్టి రెండు రాలేదు గదా అని మీకున్న అనుమానాన్ని కొట్టిపారేయకండి.

[తెర మీద: ఎవరి దగ్గరికి వెళ్లాలి?]

మొదట మీకు అందుబాటులో ఉన్న ఫ్యామిలీ డాక్టర్ గానీ, జనరల్ ఫిజీషియన్ గానీ, పిల్లలైతే పిల్లల డాక్టర్ గానీ చాలు. వెళ్లగానే "నీరసంగా ఉంది" అని ఆపేయకండి. "ఈటింగ్ డిజార్డర్ ఉందేమోనని అనుమానం, ఆ దృష్టితో చూడండి" అని చెప్పండి. అప్పుడు నాడి, బీపీ పడుకున్నప్పుడూ నిలబడ్డప్పుడూ చూస్తారు, ఈసీజీ తీస్తారు, రక్తంలో పొటాషియం, ఫాస్ఫేట్ లాంటివి పరీక్షిస్తారు. ఆడపిల్లలైతే నెలసరి ఆగిందేమో అడుగుతారు. రక్తపరీక్ష మామూలుగా వచ్చిందని ఊపిరి పీల్చుకోకండి. జబ్బు బాగా ముదిరినా రిపోర్టులు బాగానే ఉండొచ్చు.

తర్వాత సైకియాట్రిస్ట్, క్లినికల్ సైకాలజిస్ట్, ఈ జబ్బులు తెలిసిన డైటీషియన్ కలిసి చూడాలి. డైటీషియన్ దగ్గరికి మాత్రమే తీసుకెళ్తే ఆ పిల్లవాడి చేతికి ఇంకో నియమాల చిట్టా అందుతుంది. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "ఈటింగ్ డిజార్డర్లకి ఇంతకుముందు వైద్యం చేశారా?" అని అడగండి. అది అడగడంలో మొహమాటం అక్కర్లేదు. దగ్గర్లో అలాంటివారు లేకపోతే మెడికల్ కాలేజీ ఆసుపత్రి సైకియాట్రీ విభాగంలో అడగండి, లేదా ఆన్‌లైన్‌లో చూసే నిపుణుల్ని వెతకండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనప్పుడు మీ దేశంలోని మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయొచ్చు. ఇంట్లోవాళ్లు కూడా చేయొచ్చు.

టీనేజ్ పిల్లలకి ఎక్కువగా పనిచేసేది కుటుంబం ఆధారంగా సాగే వైద్యం. లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో ఇది రూపుదిద్దుకుంది. ఇందులో తప్పెవరిదని వెతకరు. కొన్నాళ్లపాటు ఏం తినాలి, ఎంత తినాలి అన్న నిర్ణయం తల్లిదండ్రులు తీసుకుంటారు, ప్రతిపూటా పక్కన కూర్చుంటారు, పిల్లలు కోలుకునే కొద్దీ ఆ బాధ్యత తిరిగి వాళ్లకే ఇస్తారు. పెద్దవాళ్లకైతే సీబీటీ అనే మాటల చికిత్స ఉంది. రోజుకి మూడు పూటలు, మధ్యలో చిరుతిండి, ఇలా వేళకు తినడంతోనే అదీ మొదలవుతుంది.

[వక్త దగ్గరగా]

ఇక ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాల్సిన సందర్భాలు. స్పృహ తప్పడం, ఛాతీ నొప్పి, గుండె దడ లేదా నాడి మరీ నెమ్మదించడం, నీళ్లు కూడా ముట్టకపోవడం, వాంతిలో రక్తం, చనిపోవాలన్న మాటలు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా మర్నాటి అపాయింట్‌మెంట్ కోసం చూడకండి. ఇంకొకటి, చాలా రోజులు దాదాపు ఏమీ తినకుండా ఉన్న మనిషికి ఇంట్లో ఒక్కసారిగా ఎక్కువ తినిపించకండి. రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. తిండి పెంచడం డాక్టర్ చెప్పినట్టు, పరీక్షలు చేస్తూ జరగాలి.

ఈ మాట ఎత్తేటప్పుడు భోజనం దగ్గర ఎత్తకండి. బరువు గురించీ రూపం గురించీ కాకుండా మీరు చూసిందే చెప్పండి. "నాన్నా, ఆ వాన రోజు నువ్వు రాత్రంతా నడుస్తూనే ఉన్నావు. నాకు భయమేసింది. శుక్రవారం డాక్టర్ దగ్గరికి వెళ్దాం, నేను పక్కనే ఉంటాను" అనండి. నాకేం లేదని కోపగించుకుంటాడు. ఈ జబ్బులో అది మామూలే, ఒప్పుకునేదాకా ఆగాల్సిన పని లేదు. వాదించకుండా అపాయింట్‌మెంట్ అలాగే ఉంచండి. అతను రానంటే ముందు మీరొక్కరే వెళ్లి, చూసినవన్నీ తేదీలతో సహా డాక్టర్‌కి చెప్పి రండి.